కొత్త టిఫిన్ కబురు: కాలనీ గ్రూపులో పెట్టే ప్రకటన ఎలా రాయాలి

ఇంట్లో వండిన టిఫిన్లు చుట్టుపక్కల వాళ్లకు అమ్మాలనుకున్న ఇల్లాలు మొదట చేసే పని అపార్ట్‌మెంటు గ్రూపులోనో, కాలనీ గ్రూపులోనో ఒక కబురు పెట్టడం. బోర్డు, కరపత్రం, పేపర్లో ప్రకటన ఇవేవీ అక్కర్లేదు. ఫోనులో పది పదిహేను లైన్లు రాస్తే చాలు, ఆ సాయంత్రానికే ఆర్డర్లు రావచ్చు. అయితే ఆ కబురు చదివేది ముక్కూమొహం తెలియని జనం కాదు. రేపు లిఫ్టులో ఎదురయ్యేవాళ్లు, పిల్లలను ఒకే బస్సు ఎక్కించేవాళ్లు. కాబట్టి అందులోని ప్రతి లైనూ మాట ఇచ్చినట్టే లెక్క. ఏడున్నరకు ఇస్తామని రాసి ఎనిమిదింటికి ఇస్తే, ఆ సంగతి మర్నాటికల్లా మూడు అంతస్తులకు తెలుస్తుంది. అందుకే ప్రకటన రాయడం ఫోను దగ్గర కాకుండా పొయ్యి దగ్గర మొదలవ్వాలి. ఏ వేళకు ఎన్ని బాక్సులు తయారవుతాయో లెక్క తేలాకే ఏం రాయాలో తెలుస్తుంది.

గ్రూపుల్లో తరచూ కనిపించే కబురు ఇలా ఉంటుంది: “అందరికీ నమస్కారం. మా ఇంట్లో రుచికరమైన, శుభ్రమైన టిఫిన్లు తక్కువ ధరకే లభించును. ఇడ్లీ, దోసె, వడ, పూరీ, ఉప్మా, ఇంకా ఎన్నో. ఒకసారి రుచి చూడండి. కావలసినవారు సంప్రదించగలరు.” చదవడానికి బాగానే ఉంది గానీ, తినాలనుకున్నవాళ్లకు ఇందులో దొరికే సమాచారం దాదాపు ఏమీ లేదు. ఎప్పటి నుంచి, ఏ వేళకు, ఎంతకు, ఎన్ని ఇడ్లీలు, ఇంటికి తెస్తారా, వెళ్లి తెచ్చుకోవాలా, ఎప్పటిలోగా చెప్పాలి అన్న ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి గ్రూపులోకి వస్తాయి. జవాబులు వేరే కబుర్ల మధ్య కలిసిపోతాయి. గంట తర్వాత చూసినవాళ్లు మళ్లీ అవే అడుగుతారు. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగారంటే ఆ లైను ప్రకటనలో లేదని అర్థం.

పొయ్యి లెక్క

ఈ లెక్క ఎలా వేస్తారో చూడడానికి ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. హైదరాబాదులో కూకట్‌పల్లి వైపు మూడు బ్లాకుల అపార్ట్‌మెంటు ఒకటి ఉందనుకుందాం. ఎ బ్లాకులోని 304 ఫ్లాట్ వాళ్లు ఉదయం టిఫిన్లు మొదలుపెట్టాలనుకుంటున్నారు. వంటకు ఒకరు, బాక్సులు అందించడానికి ఒకరు ఉన్నారు. పొయ్యికి రెండు బర్నర్లు. ఇడ్లీ పాత్రలో నాలుగు రేకులు, రేకుకు నాలుగు గుంటలు. అంటే ఒక వాయికి 16 ఇడ్లీలు.

ఇడ్లీ ఆవిరి మీద ఉడకడానికి పది పన్నెండు నిమిషాలు చాలు. కానీ దించగానే తీస్తే విరిగిపోతుంది, రెండు నిమిషాలు ఆగాలి. తర్వాత ఇడ్లీలు తీసి, రేకులు తుడిచి, మళ్లీ పిండి వేయాలి. ఇదంతా కలిపితే వాయికి 20 నిమిషాలు పడుతుంది. బాక్సుకు నాలుగు ఇడ్లీల చొప్పున 20 బాక్సులకు 80 ఇడ్లీలు కావాలి. అంటే అయిదు వాయిలు, గంటా నలభై నిమిషాలు. రెండో బర్నరు పల్లీలు వేయించడానికి, పోపుకు సరిపోతుంది. 5:45కి మొదటి వాయి ఎక్కిస్తే 7:25కి చివరి వాయి దిగుతుంది. 6:45కల్లా మూడు వాయిలు, అంటే 48 ఇడ్లీలు, 12 బాక్సులు సిద్ధం. మిగతా 8 బాక్సులకు మరో నలభై నిమిషాలు ఆగాలి.

ప్రకటనలో రాయాల్సిన రెండు ముఖ్యమైన సంగతులు ఇక్కడే తేలిపోయాయి. రోజుకు 20 బాక్సులకు మించి ఒప్పుకోకూడదు. అందరికీ ఒకే వేళ చెప్పకూడదు. మొదటి 12 బాక్సులు ఎ, బి బ్లాకులకు ఏడింటికి, మిగతా 8 సి బ్లాకుకు ఏడున్నరకు అని విడదీస్తే వేళ తప్పదు. “ఉదయం 7 నుంచి 9 వరకు” అని రాయడం వండేవాళ్లకు హాయిగానే ఉంటుంది. కానీ ఏడూ ఇరవైకి స్కూలు బస్సు ఎక్కే పిల్లాడి తల్లికి ఆ లైను వల్ల ఉపయోగం లేదు.

ఆర్డరు గడువు ఎందుకు మధ్యాహ్నమే

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఆర్డరు గడువు దగ్గర. “రాత్రి 9 లోపు చెప్పండి” అని రాస్తారు. వినడానికి అందరికీ వీలుగా ఉంటుంది. కానీ రాత్రి తొమ్మిదికి పిండి రుబ్బడం అయిపోయి, పులవడానికి పెట్టేసి ఉంటారు. అప్పుడు ఆరు బాక్సులు ఎక్కువ కావాలంటే పిండి ఉండదు. ఆరు బాక్సులు వద్దంటే పిండి మిగిలిపోతుంది.

ఇడ్లీ పిండికి మినపగుళ్లు నాలుగు గంటలైనా నానాలి. రుబ్బి, కడిగి పిండిన రవ్వ కలిపాక ఎనిమిది నుంచి పది గంటలు పులవాలి. ఎండాకాలంలో ఇంకా త్వరగా పులుస్తుంది, చలికాలంలో పన్నెండు గంటలు దాటినా పొంగకపోవచ్చు. ఉదయం 5:45కి మొదటి వాయి ఎక్కాలంటే ముందురోజు సాయంత్రం ఆరేడు గంటలకల్లా రుబ్బడం పూర్తవ్వాలి. దానికోసం మధ్యాహ్నం పప్పు నానబోయాలి. ఎంత పప్పు పోయాలో తేలాలంటే ఆర్డర్లు అంతకు ముందే తెలియాలి. కాబట్టి రేపటి బాక్సుకు గడువు ఈ రోజు మధ్యాహ్నం 12 గంటలు. వద్దని చెప్పడానికీ అదే గడువు.

మధ్యాహ్నానికే చెప్పాలంటే ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు మరిచిపోతారు. దానికి విరుగుడు వారం ఆర్డరు. ఒకసారి పేరిస్తే అయిదు రోజులూ బాక్సు వస్తుంది, వద్దనుకున్న రోజు మాత్రమే చెప్పాలి. వండేవాళ్లకు పప్పు కొలత ముందే తెలుస్తుంది, తినేవాళ్లకు రోజూ గుర్తుపెట్టుకునే పని తప్పుతుంది.

మెనూలో ఏముండాలి

ప్రకటనలో పదిరకాలు రాస్తే ఘనంగా కనిపిస్తుంది. కానీ బాక్సులో పెట్టి మూత వేస్తే బాగుండే టిఫిన్లు కొన్నే. పూరీ మూత కింద పది నిమిషాల్లో మెత్తబడుతుంది. దోసె కరకర పోయి తడి గుడ్డలా అవుతుంది. పెసరట్టూ పెనం మీద నుంచి పళ్లెంలోకి రావాల్సిందే. ఇడ్లీ, ఉప్మా, కట్టె పొంగలి మాత్రం మూత కింద అరగంట ఉన్నా రుచి తగ్గవు. కాబట్టి 304 ఫ్లాట్ మెనూ సోమ, బుధ, శుక్రవారాలు ఇడ్లీ, మంగళవారం గోధుమ రవ్వ ఉప్మా, గురువారం కట్టె పొంగలి. శని, ఆదివారాలు సెలవు.

మూత కింద బాగుండే ఇడ్లీ కూడా పొగలు కక్కుతుండగా మూత పెడితే చెడుతుంది. ఆవిరి మూతకు పట్టి, నీటి చుక్కలై తిరిగి ఇడ్లీ మీదే పడుతుంది. పైభాగం జిగటగా ఉందంటే కారణం అదే. రెండు మూడు నిమిషాలు ఆగి, అడుగున అరిటాకు ముక్క వేసి సర్దితే ఆ బాధ ఉండదు. ఆగాలి కదా అని మరీ చల్లారనివ్వకూడదు. వండిన పదార్థం అయిదు డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు లోపల ఎక్కువసేపు ఉంటే క్రిములు వేగంగా పెరుగుతాయి. అందుకే “9:30 లోపు తినండి” అన్న లైను ప్రకటనలోనూ, బాక్సు మీదా ఉండాలి. చట్నీ విషయంలో ఇది మరీ ముఖ్యం. పచ్చికొబ్బరి చట్నీ ఎండాకాలంలో త్వరగా పులిసిపోతుంది. చింతపండు వేసిన పల్లీ చట్నీ కాస్త నిలుస్తుంది. అందుకే బాక్సులోకి పల్లీ చట్నీయే మేలు.

కొలత చెప్పడం కూడా మెనూలో భాగమే. ఇడ్లీ అయితే ఎన్నో, ఉప్మా, పొంగలి అయితే ఎన్ని గ్రాములో రాయాలి. “ఒక ప్లేటు” అంటే ఒక్కొక్కరికి ఒక్కో కొలత.

ధర

ధర రాయకుండా “వివరాలకు ఫోను చేయండి” అంటే చాలామంది ఫోను చేయరు. పక్కింటివాళ్ల దగ్గర ధర అడిగి, వద్దనడం ఇబ్బంది కాబట్టి అడగడమే మానేస్తారు. ధర రాయాలంటే ముందు ఖర్చు తేలాలి. సరుకుల ధరలు ఊరిని బట్టీ, నెలను బట్టీ మారతాయి. లెక్క తీరు తెలియడానికి మాత్రం ఇడ్లీ రోజును ఇలా చూడవచ్చు. 80 ఇడ్లీలకు మినపగుళ్లు సుమారు 600 గ్రాములు, ఇడ్లీ రవ్వ కిలో. మినపగుళ్లకు రూ.80, రవ్వకు రూ.50, చట్నీ పల్లీలకు రూ.80, నూనె, మిరపకాయలు, చింతపండు, పోపు సామానుకు రూ.40, గ్యాసుకు రూ.50, బాక్సు ఆరు రూపాయల చొప్పున 20 బాక్సులకు రూ.120 అనుకుంటే మొత్తం రూ.420. అంటే బాక్సుకు రూ.21. రూ.45కి అమ్మితే 20 బాక్సులకు రూ.900 వస్తుంది, రూ.480 మిగులుతుంది. ఇద్దరు మనుషులు సాయంత్రం రుబ్బినదానికీ, తెల్లవారుజామున లేచినదానికీ కూలి, అమ్ముడుపోని బాక్సుల నష్టం అన్నీ ఆ 480లోంచే రావాలి.

పై లెక్కలో సరుకుల తర్వాత పెద్ద ఖర్చు బాక్సే. వారం ఆర్డరు ఇచ్చినవాళ్లు తమ స్టీలు డబ్బాలు రెండు ఇచ్చి, రోజూ ఒకటి మార్చుకుంటే ఆ ఖర్చు తగ్గుతుంది. ఆ ఏర్పాటు ఉంటే ప్రకటనలో ఒక లైను రాయాలి. ప్లాస్టిక్ చెంచాలు, పళ్లేల మీద దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది కాబట్టి వాటి ఊసు ఉండకూడదు. టిఫిన్లను న్యూస్‌పేపర్లో చుట్టడమూ మంచిది కాదు, అచ్చు సిరా తిండికి అంటుతుంది.

మొదటివారం తక్కువ ధరకు ఇవ్వాలనుకుంటే, ఆ ధర ఏ తేదీ వరకో, తర్వాత ఎంతో రెండూ ఒకే లైనులో రాయాలి. లేకపోతే రెండోవారం అసలు ధర అడిగినప్పుడు పెంచారని అనుకుంటారు.

అనుమతులు, జాగ్రత్తలు

ఇంట్లో వండి అమ్మినా అది ఆహార వ్యాపారమే. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కిందికి వస్తుంది. చిన్న స్థాయిలో చేసేవాళ్లు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. అమ్మకం పెరిగాక లైసెన్సు తీసుకోవాలి. దరఖాస్తు foscos.fssai.gov.in లో పెట్టుకోవచ్చు. రిజిస్ట్రేషన్ అయ్యాక 14 అంకెల నంబరు వస్తుంది. ప్రకటనలో ఆ నంబరు వేస్తే “శుభ్రంగా వండుతాం” అని పదిసార్లు రాసినదానికన్నా ఎక్కువ నమ్మకం కలుగుతుంది. నంబరు ఇంకా రాకపోతే ప్రకటన వాయిదా వేయడమే పద్ధతి.

గ్యాసు సంగతి చాలామందికి తట్టదు. ఇంటివాడకానికి ఇచ్చే 14.2 కిలోల సిలిండరును వ్యాపారానికి వాడకూడదు. దానికి 19 కిలోల కమర్షియల్ సిలిండరు తీసుకోవాలి. ధర లెక్క వేసేటప్పుడు ఈ సిలిండరు ఖర్చే పట్టుకోవాలి. అపార్ట్‌మెంటు అసోసియేషన్‌కు ముందుగా చెప్పడం, గ్రూపు అడ్మిన్‌ను అడిగి కబురు పెట్టడం కూడా ప్రకటనకు ముందే జరగాలి. చాలా గ్రూపుల్లో అమ్మకం కబుర్లకు ఒక రోజో, వేరే గ్రూపో కేటాయించి ఉంటారు.

ఒంటికి పడని పదార్థాల గురించి ఒక లైను తప్పనిసరి. పల్లీలు పడని పిల్లలకు చట్నీ ప్రాణం మీదికి తేవచ్చు. జీడిపప్పు, నెయ్యి, గోధుమ కూడా రాయాలి. ఇంగువను చాలామంది మరిచిపోతారు. బజారులో దొరికే ఇంగువ పొడిలో తరచూ గోధుమ పిండో, మైదానో కలిసి ఉంటుంది. గోధుమ పడనివాళ్లకు ఇడ్లీ పరవాలేదనిపించినా, ఇంగువ పోపు వేసిన చట్నీ పడకపోవచ్చు.

“షుగరు ఉన్నవాళ్లకు మంచిది”, “బరువు తగ్గుతారు” లాంటి మాటలు రాయకూడదు. ఆహార ప్రకటనల్లో ఆరోగ్యం గురించి ఏం చెప్పవచ్చో, ఏం చెప్పకూడదో 2018 నాటి నిబంధనలు ఉన్నాయి. వాడే నూనె ఏదో, సోడా వేస్తారో లేదో రాస్తే చాలు. తనకు పడుతుందో లేదో చదివినవాళ్లే తేల్చుకుంటారు.

రాసిన ప్రకటన

ఈ లెక్కలన్నీ తేలాక 304 ఫ్లాట్ వాళ్ల ప్రకటన ఇలా ఉంటుంది:

*ఉదయం టిఫిన్లు: జూన్ 15, సోమవారం నుంచి*

ఎ బ్లాకు 304లో ఇంట్లో వండి, మన మూడు బ్లాకులకు మాత్రమే ఇస్తాం. రోజుకు 20 బాక్సులు: ఎ, బి బ్లాకులకు 12, సి బ్లాకుకు 8. అంతా శాకాహారం.

సోమ, బుధ, శుక్ర: ఇడ్లీ 4, పల్లీ చట్నీ, కారప్పొడి
మంగళ: గోధుమ రవ్వ ఉప్మా 250 గ్రాములు, పల్లీ చట్నీ
గురు: కట్టె పొంగలి 250 గ్రాములు, అల్లం పచ్చడి
శని, ఆది సెలవు

*ధర:* బాక్సు రూ.45. వారానికి రూ.225. ఇంటికి తెచ్చినందుకు వేరే ఛార్జీ లేదు.

*వేళ:* ఎ, బి బ్లాకులకు 7:00–7:15. సి బ్లాకుకు 7:30–7:45.

*ఆర్డరు:* మొదటివారానికి జూన్ 13 శనివారం సాయంత్రం 6 లోపు పేరు, ఫ్లాటు నంబరు పంపండి. తర్వాత నుంచి రేపటి బాక్సు కావాలన్నా, వద్దన్నా ఈ రోజు మధ్యాహ్నం 12 లోపు చెప్పండి. దయచేసి గ్రూపులో కాకుండా కింది నంబరుకే పంపండి.

వేరుశెనగ నూనె వాడతాం, సోడా వేయం. పల్లీలు, జీడిపప్పు, నెయ్యి, గోధుమ, ఇంగువ వాడతాం. ఇవి పడనివాళ్లు ముందే చెప్పండి. ఉదయం 9:30 లోపు తినండి.

చివర ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, ఫోను నంబరు, డబ్బు ఎలా కట్టాలో ఒక లైను ఉంటాయి.

ఇందులో వరుస గమనించదగింది. కబురు పొడవైతే వాట్సాప్ మొదటి కొన్ని లైన్లే చూపించి మిగతాది దాచేస్తుంది. అందుకే ఏమిటి, ఎప్పటి నుంచి, ఎవరికి, ఎన్ని అన్నవి పైనే ఉన్నాయి. నమస్కారాలు, ఉపోద్ఘాతాలు పైన పెడితే అసలు విషయం దాక్కుంటుంది. మాటకు రెండువైపులా నక్షత్రం గుర్తు పెడితే అక్షరాలు లావుగా కనిపిస్తాయి, వెతికేవాళ్లకు ధర, వేళ వెంటనే దొరుకుతాయి. “వచ్చే సోమవారం” అనకుండా తేదీ రాయడానికీ కారణం ఉంది. కబురు ఒక గ్రూపు నుంచి మరో గ్రూపుకు వెళుతుంది. పది రోజుల తర్వాత చదివినవాళ్లకు ఆ సోమవారం ఏదో తెలియదు. “మన మూడు బ్లాకులకు మాత్రమే” అన్న లైను లేకపోతే రెండు కిలోమీటర్ల అవతలి నుంచి కూడా ఆర్డర్లు వస్తాయి.

ఫొటో ఒకటి చాలు. అది ఆ వంటింట్లో, ఆ బాక్సులోనే సర్దిన టిఫిన్ అయి ఉండాలి. ఎక్కడి నుంచో తెచ్చి పెట్టిన హోటలు ఫొటోలో వెండి పళ్లెం, మూడు చట్నీలు ఉంటాయి. మర్నాడు వచ్చిన బాక్సులో అవి కనపడకపోతే టిఫిన్ ఎంత బాగున్నా తక్కువే అనిపిస్తుంది.

పెట్టాక

తేదీలు చూస్తే జూన్ 15 ఎంచుకోవడానికి కారణం తెలుస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో బడులు మామూలుగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఆ తర్వాతి సోమవారం నుంచి ఇళ్లలో ఉదయం హడావిడి మొదలవుతుంది. ప్రకటన అంతకు నాలుగైదు రోజుల ముందు, సాయంత్రం వేళ పెడితే ఇంట్లో నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఉదయం పెడితే పనుల్లో పడి మరుగున పడుతుంది.

ఆర్డర్లు గ్రూపులో కాకుండా నంబరుకు పంపమనడం వల్ల గ్రూపులో రద్దీ ఉండదు, వరుసా తెలుస్తుంది. ఒక నోటుపుస్తకంలో వచ్చిన వేళ, పేరు, ఫ్లాటు, పడని పదార్థాలు రాసుకుంటూ పోవాలి. ఇరవై దాటినవాళ్లను వద్దనకుండా వేచి ఉండేవాళ్ల జాబితాలో రాసి, ఆ సంగతి వాళ్లకు చెప్పాలి. మొహమాటానికి 26 ఒప్పుకుంటే మరో రెండు వాయిలు వేయాలి. నలభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అప్పుడు ఆరుగురి కోసం ఇరవై మందికి ఇచ్చిన మాట తప్పుతుంది.

గ్రూపులో తర్వాత పెట్టాల్సినవి రెండే కబుర్లు. శనివారం ఉదయం ఇంకా ఎన్ని బాక్సులు మిగిలాయో ఒకటి, నిండిపోయాక “20 నిండాయి, తర్వాతి వారానికి పేర్లు శుక్రవారం నుంచి తీసుకుంటాం” అని మరొకటి. రోజూ ఉదయం మెనూ పెడితే గ్రూపులో విసుగు పుడుతుంది. రోజువారీ మెనూ ఆర్డరు ఇచ్చినవాళ్లకు మాత్రమే విడిగా పంపితే సరిపోతుంది. గ్యాసు అయిపోయినా, ఒంట్లో బాగోకపోయినా ఆ రోజు సెలవని ఉదయం ఆరింటికల్లా వాళ్లకు చెప్పి, ఆ రోజు డబ్బు తర్వాతి వారంలో తగ్గించాలి. వారం చివర వచ్చిన ప్రశ్నలు చూసుకుని, పదేపదే అడిగినదాన్ని రెండోవారం ప్రకటనలో ఒక లైనుగా చేర్చాలి.